బిల్లు మీద మర్యాద ఎక్కడుంటుంది?

ప్రశ్న: తిరుపతిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. హోటళ్లు, ట్రావెల్స్, పచ్చళ్లు తయారు చేసేవాళ్లు మా కస్టమర్లు. బిల్లు కింద ‘సకాలంలో చెల్లించనిచో ఆలస్య రుసుము విధించబడును’, ‘అడ్వాన్సు చెల్లించనిచో పని ప్రారంభించబడదు’ అని వేస్తున్నాం. ఒక పాత కస్టమరు ‘ఏం సామీ, నోటీసు పంపినావా?’ అని నొచ్చుకున్నారు. ముందు ‘దయచేసి’ చేరిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ‘దయచేసి గమనించగలరు, ఆలస్య రుసుము విధించబడును’ అని రాస్తే నోటీసు నోటీసులాగే ఉంటుంది, ముందు ఒక దండం చేరుతుంది, అంతే. నొప్పించిన మాటలు ‘రుసుము’, ‘విధించబడును’. విధించేది అధికారం ఉన్నవాళ్లు. కరెంటు ఆఫీసు, మున్సిపాలిటీ, కోర్టు విధిస్తాయి. ‘జరిమానా’, ‘అపరాధ రుసుము’ ఇంకా ముదురు మాటలు, అవి తప్పు చేసినవాడి మీద పడేవి. మీరూ మీ కస్టమరూ సరిసమానంగా వ్యాపారం చేసుకునేవాళ్లు. మీ మధ్య నడిచేది లెక్క, శిక్ష కాదు. అందుకే ‘వడ్డీ’ అనండి, లేదా ‘అదనం’ అనండి. మన ఊళ్లలో వడ్డీ అనే మాటకు ఎవరూ ఉలిక్కిపడరు.

ఇక క్రియల సంగతి. మాట్లాడేటప్పుడు ‘పని ప్రారంభించబడదు’ అని ఎవరూ అనరు. కనబడు, నిలబడు మాట వేరు, అవి మన నోట పుట్టినవే. ఈ ‘బడును’ మాత్రం ఆఫీసు బోర్డుల మీదిది. దాన్ని తీసేసి ‘మీరు ఆలస్యం చేస్తే మేము వడ్డీ వేస్తాం’ అని మామూలు మాటల్లో రాశారనుకోండి, అప్పుడు నేరుగా వేలెత్తి చూపినట్టవుతుంది. ఈ చిక్కుకు విరుగుడు తెలుగులోనే ఉంది. చాలా క్రియలకు మనకు జంట రూపాలున్నాయి. ఒకటి మనిషి చేసేది, ఇంకొకటి దానంతట అది జరిగేది. ఆలస్యం చేస్తే – ఆలస్యమైతే. కలుపుతాం – కలుస్తుంది. దాటిస్తే – దాటితే. డబ్బుకు సంబంధించిన ఇబ్బంది మాటలకు రెండో రూపం వాడండి. ‘గడువు దాటితే వడ్డీ కలుస్తుంది’ అన్న వాక్యంలో మీరూ లేరు, కస్టమరూ లేడు. గడువు దాటింది, వడ్డీ కలిసింది. ఎవరినీ ఏమీ అనలేదు, చెప్పాల్సింది మాత్రం పూర్తిగా చెప్పారు.

ఇంత మెత్తగా ఉంటే వసూలవుతుందా అని మీకు అనుమానం రావచ్చు. మెత్తదనం క్రియలో ఉండాలి కానీ అంకెలో, తేదీలో ఉండకూడదు. ‘వడ్డీ కలపవచ్చు’ అని రాస్తే ఆ ‘వచ్చు’ను కస్టమరు ‘కలపకపోవచ్చు’ అని చదువుకుంటాడు. ‘ఆలస్య రుసుము చెల్లించగలరు’ కూడా పనికిరాదు. ‘గలరు’ మర్యాదగా కోరడానికి వాడే రూపం. అసలు సొమ్ము గురించి అడిగేటప్పుడు ‘చెల్లించగలరు’ చక్కగా ఉంటుంది. వడ్డీ గురించి అలా అడిగితే, దయచేసి ఆలస్యం చేసి మాకు వడ్డీ కట్టండి అని కోరినట్టు వినిపిస్తుంది!

అంకె దగ్గర మన ప్రాంతంలో ఇంకో మెలిక ఉంది. మనం ‘రూపాయిన్నర వడ్డీ’ అంటే నూటికి నెలకు రూపాయిన్నర అని అర్థం, అంటే ఏడాదికి 18 శాతం. బిల్లులో ఊరికే ‘1.5 శాతం వడ్డీ’ అని వేస్తే, బ్యాంకు లెక్కకు అలవాటు పడిన కస్టమరు దాన్ని ఏడాదికి అనుకుంటాడు. ఒక లెక్క చూడండి. హోటలుకు మెనూ కార్డుల పని మొత్తం రూ.18,000. అందులో సగం అడ్వాన్సు వచ్చింది, రూ.9,000 మిగిలింది. సెప్టెంబరు 25న సరుకు, బిల్లు ఇచ్చారు, గడువు అక్టోబరు 10. బ్రహ్మోత్సవాల హడావిడిలో వాళ్లు మరిచిపోయి అక్టోబరు 30న ఇచ్చారు, అంటే 20 రోజులు దాటింది. నెలకు రూపాయిన్నర చొప్పున 9,000కు నెల వడ్డీ రూ.135, దాంట్లో 20 రోజులకు రూ.90. అదే ఏడాదికి 1.5 శాతమని చదివితే ఏడు రూపాయల చిల్లర. నిజానికి ఇక్కడ పేచీ రూ.83 కోసం కాదు. మోసపోయామని ఒకరు, ఎగ్గొట్టారని ఒకరు అనుకుంటారు, ఆ పాపం ఒక్క మాట రాయకపోవడానిది. ‘నెలకు నూటికి రూ.1.50’ అని రాయండి. నెల పూర్తి కాకపోతే ఎలాగన్నది కూడా చెప్పాలి కాబట్టి ‘రోజుల లెక్కన’ అని చేర్చండి.

తేదీ కూడా అంతే. ‘15 రోజుల్లోగా’ అంటే బిల్లు రాసిన రోజు నుంచా, సరుకు అందిన రోజు నుంచా? ఎవరికి అనుకూలమైన రోజు నుంచి వాళ్లు లెక్కపెడతారు. నేరుగా ‘అక్టోబరు 10వ తేదీ సాయంత్రంలోగా’ అనండి. ‘సాయంత్రం’ ఉంటే 10వ తేదీ గడువులోకి వస్తుందా రాదా అన్న ప్రశ్న కూడా ఉండదు.

అడ్వాన్సు వాక్యంలో మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది రెండు లేదులు: చెల్లించనిచో, ప్రారంభించబడదు. అదే షరతును అవును వైపు నుంచి చెప్పండి: ‘సగం మొత్తం అడ్వాన్సుగా అందిన రోజే పని మొదలుపెడతాం.’ షరతు రవ్వంత కూడా సడలలేదు. పైగా ఇక్కడ ‘మేము’ పలికినా తప్పులేదు, ఎందుకంటే మేము చేస్తామంటున్నది మంచి పని. ‘ముందస్తు రుసుము’ లాంటి తయారీ మాటలు వద్దు, అడ్వాన్సు అనే మాట తెలియని వ్యాపారి చిత్తూరు నుంచి తిరుపతి దాకా లేడు. ‘అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు’ అన్నది మాత్రం అసలు వేయకండి. దాని బదులు ఏం పోతుందో, ఏం వస్తుందో చెప్పండి.

మొత్తం కలిపితే ఇలా ఉంటుంది:

‘పని మొత్తంలో సగం అడ్వాన్సుగా అందిన రోజే పని మొదలుపెడతాం. డిజైను చూపించాక ఆర్డరు రద్దయితే డిజైను ఖర్చు రూ.1,500 పోను మిగతాది తిరిగి ఇస్తాం. మిగిలిన రూ.9,000 అక్టోబరు 10వ తేదీ సాయంత్రంలోగా చెల్లించగలరు. గడువు దాటితే, మిగిలిన మొత్తానికి నెలకు నూటికి రూ.1.50 చొప్పున రోజుల లెక్కన వడ్డీ కలుస్తుంది.’

ఈ మాటలు మొదట కనిపించాల్సింది బిల్లులో కాదు, పనికి ముందు మీరిచ్చే కొటేషన్‌లో. అక్కడ ఒప్పుకున్నది బిల్లులో కనిపిస్తే గుర్తు చేసినట్టుంటుంది. పని అయ్యాక బిల్లులోనే మొదటిసారి కనిపిస్తే, ఎంత తియ్యగా రాసినా కొత్తగా మెలిక పెట్టినట్టే, దాని బలం కూడా అనుమానమే. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు మీకు ఉంటే, అలాంటి వ్యాపారాల కోసమే వచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఇడి చట్టం కూడా మీ వైపు ఉంటుంది. ఒప్పందంలో ఏం రాసుకున్నా గడువు 45 రోజులు మించకూడదని, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ ఇవ్వాలని అది చెబుతుంది. కానీ ఆ చట్టం పేరు మామూలు బిల్లు మీద వేయకండి. అది నెలల తరబడి ఇవ్వని వాళ్లకు రాసే ఉత్తరంలో ఉండాల్సిన మాట. టిఫిన్ సెంటర్ ఆయనకు ఎందుకు చూపించడం?

మీ పాత కస్టమరు విషయానికి వస్తే, ఆయన దగ్గర వడ్డీ తీసుకోవడం మీకు ఇష్టం లేకపోతే ఆ వరుసను బిల్లులోంచి తీసేయకండి. ‘గడువు దాటిన 20 రోజులకు వడ్డీ రూ.90 – ఈ బిల్లుకు మినహాయించాం’ అని రాయండి. ‘మాఫీ చేశాం’ అంటే దొర కనికరించినట్టుంటుంది. ‘మినహాయించాం’ అంటే లెక్క. ‘ఈ బిల్లుకు’ అన్నందువల్ల వచ్చే బిల్లు సంగతీ ఆయనకు అర్థమవుతుంది.