రాత్రి చదువుకి బాన్సురీ ఆలాప్

"సినిమా పాటల ఇన్‌స్ట్రుమెంటల్స్ పెట్టుకుని చదువుతుంటే మనసు పాట వెంటే పోతోంది. వచ్చే వారమే పరీక్షలు, ఏం వినాలి?"

తెలిసిన పాటైతే వేణువు మీద వాయించినా మాటలు లోపల పలుకుతూనే ఉంటాయి తమ్ముడూ. వాటన్నిటినీ తీసేసి హిందుస్తానీ వేణువు, అదే బాన్సురీ మీద వాయించిన ఆలాప్‌లు పెట్టు. ఆలాప్‌లో తబలా ఉండదు, ఒక్కో స్వరం నింపాదిగా సాగుతుంది. రాత్రి వేళకి మాల్కౌన్స్ రాగం చాలా హాయిగా ఉంటుంది, అది మన కర్ణాటక సంగీతంలోని హిందోళమే. అయితే ఆలాప్ అయ్యాక జోడ్, ఝాలా అనే భాగాలు వస్తాయి. అక్కడ వేగం పెరుగుతుంది, లెక్క చేస్తున్న చేయి ఆగిపోతుంది. అందుకే పేరులో ఆలాప్ అని విడిగా ఉన్న ట్రాకులే నాలుగైదు ఎంచుకో. కచేరీ రికార్డింగులు వద్దు, మధ్యలో చప్పట్లు వస్తాయి. ఆటోప్లే ఆపేయడం మర్చిపోకు, లేకపోతే లిస్టు అయిపోగానే ఏదో హుషారు పాట మొదలవుతుంది.