మిగతా ఫైళ్లు చూడకుండా వదిలేయొచ్చా?

గచ్చిబౌలిలో అమెరికా కేసుల డాక్యుమెంట్ రివ్యూ చేస్తున్నా. లక్షలో 20 వేలు చూశాక ఆపేయమన్నారు, మిగతావి ఎలా వదిలేస్తారండి?

మీరు రెలవెంట్, కాదు అని కొట్టే ప్రతి ట్యాగ్ చూసి సాఫ్ట్‌వేర్ క్యూని మళ్లీ మళ్లీ సర్దుతుంది, అందుకే మొదట్లో వరసగా పనికొచ్చేవే తగిలి చివరికొచ్చేసరికి వందకి ఒకటి దొరకడం కష్టం. అలాగని గుడ్డిగా నమ్మరు, వదిలేసిన 80 వేలల్లోంచి ర్యాండమ్‌గా ఓ 1,000 తీసి మనుషులే చదువుతారు. అందులో 5 రెలవెంట్ తేలాయనుకోండి, మొత్తమ్మీద 400 దాకా మిగిలినట్టు, మీకు ఆల్రెడీ 6,000 దొరికుంటే 6,400లో 6,000 అంటే దాదాపు 94 శాతం పట్టేసినట్టే (శాంపిల్ లెక్క కదా, అటూఇటూ ఉంటుంది). ఆ 5 ఏంటో కూడా చూడాలి, కొత్త రకం కీలకమైన మెయిల్ ఒక్కటున్నా మళ్లీ మొదలెట్టాల్సిందే. టెక్స్ట్ లేని స్కాన్ కాపీలైతే ఈ ర్యాంకింగ్‌కి అసలు అందవు, అవి విడిగా చూడాలి.