వేళ్లు పోయిన కార్మికుడికి వచ్చేది పింఛనా, పరిహారమా?

ప్రశ్న: ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ కింద చెయ్యి పడి మా అన్నయ్యకు రెండు వేళ్లు పోయాయి. దివ్యాంగుల పింఛనుకు పెట్టుకోమని అందరూ చెబుతున్నారు. జీతంలో ఈఎస్ఐ కోత ఉంది. రెండూ ఒకటేనా?

జవాబు: ఒకటి కాదు. 2018లో నాకూ ఎడమ చేతి రెండు వేళ్లు అలాగే పోయాయి. నేనూ ముందు పింఛను కోసమే తిరిగాను. సదరం శిబిరంలో డాక్టరు చూసేది శరీరంలో లోపం ఎంత అన్నదే. కనీసం 40 శాతం ఉండాలి. రెండు వేళ్లకు నాకు అంత రాలేదు, పింఛనూ రాలేదు.

ఈఎస్ఐ లెక్క వేరు. పని చేస్తుండగా దెబ్బ తగిలిందా, దానివల్ల సంపాదించే శక్తి ఎంత తగ్గింది అన్నదే అక్కడ ప్రశ్న. పేదరికంతో, రేషన్ కార్డుతో దానికి సంబంధం లేదు. చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది.

నాకు అప్పుడు రోజు సగటు వేతనం 500 రూపాయలు. ఆపరేషను, మందులు ఈఎస్ఐ ఆసుపత్రిలోనే జరిగాయి, చేతి నుంచి రూపాయి పెట్టలేదు. పనికి వెళ్లలేని 68 రోజులకు వేతనంలో 90 శాతం చొప్పున, అంటే రోజుకు 450 రూపాయల లెక్కన, 30,600 వచ్చింది. గాయం మానాక మెడికల్ బోర్డుకు పంపారు. ఒక చేతి రెండు వేళ్లకు చట్టం పట్టికలో 20 శాతం నష్టం అని ఉంది. 450లో 20 శాతం 90 రూపాయలు. రోజుకు అంత చొప్పున, నెలకు సుమారు 2,700, జీవితాంతం వస్తుంది. నేను తిరిగి పనిలో చేరినా అది ఆగలేదు.

ఇదంతా చేజారిపోయేదే. రక్తం కారుతున్న చేతికి గుడ్డ చుట్టి ఆటో ఎక్కిస్తూ, ఇంట్లో తలుపు సందులో పడిందని చెప్పమన్నాడు సూపర్‌వైజరు. అది వినగానే నాకు కడుపు మండింది, ఇప్పటికీ మండుతుంది. అలా రాయించుకుంటే మామూలు జబ్బు కిందికి పోతుంది. అప్పుడు 70 శాతమే, ఏడాదికి 91 రోజులే, శాశ్వత భృతి అసలు ఉండదు. నేను ఆసుపత్రి చీటీ మీద "పనిలో, ప్రెస్ మిషన్" అని రాసేదాకా కదలలేదు.

అందుకని ముందు అన్నయ్య మొదటి చీటీలో ఏమి రాశారో చూడండి. యాజమాన్యం ప్రమాద నివేదిక, అంటే ఫారం 12, పంపిందో లేదో ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగండి. పంపకపోతే తేదీ, సమయం, చూసిన తోటి కార్మికుల పేర్లతో మీరే రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మానిందని డాక్టరు చివరి సర్టిఫికెట్ ఇచ్చిన వెంటనే మెడికల్ బోర్డుకు పంపమని దరఖాస్తు పెట్టండి. నాతో పనిచేసిన ఒకాయన, గాయం మానింది కదా అని ఈ మెట్టు దగ్గరే ఆగిపోయాడు.

జీతం 21,000 దాటి ఈఎస్ఐ లేనివారికి వైద్య ఖర్చు, పరిహారం యజమానే ఇవ్వాలి. అక్కడ శాశ్వత నష్టానికి నెలనెలా కాకుండా ఒకేసారి మొత్తం వస్తుంది. కోత ఉంది కాబట్టి మీది ఈఎస్ఐ దారే.