కుచ్చును కత్తిరించకండి, కాగితాన్ని తెల్లగా చేయండి

ప్రశ్న: మా ముత్యాల దండల కేటలాగ్ కోసం ఫొటోల వెనుక భాగం తీసేస్తున్నాను. దండ చివర ఉండే పట్టుకుచ్చు దారాలు కొరికేసినట్టు వస్తున్నాయి, అసలు నీడ కూడా పోతోంది. శుభ్రంగా ఎలా కత్తిరించాలి?

కత్తిరించడం మానేయండి. వెటకారం అనుకోవద్దు. చిక్కడపల్లిలో ఒక డీటీపీ కేంద్రంలో పన్నెండేళ్లుగా కేటలాగుల కోసం ఫొటోషాప్‌లో వస్తువుల చుట్టూ కత్తిరింపు గీతలు, అంటే పాత్‌లు కొడుతూ కళ్లజోడు నంబరు రెండుసార్లు పెంచుకున్న మనిషిగా చెబుతున్నాను. తెల్ల పేజీ మీదికి వెళ్లే ఫొటోలో పాత్ గీయాల్సింది ముత్యాల చుట్టూ మాత్రమే. కుచ్చునూ నీడనూ కత్తెర దరిదాపులకు రానివ్వకూడదు.

ఈ సంగతి నాకు పత్తర్‌గట్టిలో చిన్న ముత్యాల దుకాణం నడిపే ఒక పెద్దాయన నేర్పారు. నేర్పాలని నేర్పలేదు, తిట్టారు. నలభై దండలు, ఒక్కోదానికి వెనక మెరూన్ పట్టుతాడు, తాడు చివర కుచ్చు. దుకాణం బల్ల మీదే తెల్ల చార్టు పరిచి, పైనున్న ట్యూబులైట్ల వెలుగులో ఫొటోలు తీశాను. ఒకే రంగున్న చోటంతా ఒక్క నొక్కుతో ఎంచుకునే మ్యాజిక్ వాండ్‌ను తెలుపు మీద నొక్కి వెనుక భాగం చెరిపేశాను, చెడిన చోట పెన్ టూల్‌తో సరిచేశాను, చివరికి నలభైకీ ఒకే Drop Shadow అంటించాను. మూడు రాత్రులు పట్టింది. ప్రూఫ్ తీసుకెళ్లి ఇస్తే ఆయన మొదటి పేజీని చాలాసేపు చూసి, ‘బాబూ, ఇవి ముత్యాలా, మాత్రలా?’ అన్నారు.

ఆ సాయంత్రమంతా కోపంగానే ఉన్నాను. రాత్రి ఫైలు తెరిచి 200 శాతం పెద్దది చేసి చూస్తే ఆయన అన్నది నిజమే. ముత్యం అద్దం లాంటిది, చుట్టూ ఏముంటే అదే దాని అంచులో కనిపిస్తుంది. చుట్టూ తెల్ల చార్టే ఉంది కాబట్టి అంచు కూడా చార్టంత తెల్లగా మారి, ముత్యం ఎక్కడ ముగిసిందో కాగితం ఎక్కడ మొదలైందో తేడా లేకుండా పోయింది. మ్యాజిక్ వాండ్ ఆ సందులోంచి లోపలికి చొరబడి ముత్యాన్ని కొరికింది. కొరికిన చోట నేను ఊహించుకుని గుండ్రంగా పాత్ గీశాను. బిళ్లలు తయారయ్యాయి.

కుచ్చు కథ వేరు. సన్నని పట్టుదారం ఫొటోలో ఒక పిక్సెల్ వెడల్పు కూడా ఉండదు. ఆ పిక్సెల్‌లో సగం దారం, సగం కాగితం కలిసి లేత గులాబీ రంగుగా నమోదవుతుంది. దాన్ని ఉంచాలా, తీయాలా అని వాండ్‌ను అడిగితే ఏ జవాబైనా తప్పే. తీస్తే దారం తెగినట్టు ఉంటుంది, ఉంచితే తాడులా లావెక్కుతుంది. ఇక నీడ. అసలు నీడలో ముత్యం కాగితానికి ఆనిన చోట సన్నగా, నల్లగా ఒక గీత ఉంటుంది, అక్కడి నుంచి దూరం పోయేకొద్దీ పలచబడుతుంది. Drop Shadow వస్తువు ఆకారాన్నే పక్కకు జరిపి మసకబారుస్తుంది, అంతే. ఆ ఆనిన గీత దానిలో ఉండదు. అందుకే మార్కెట్లో సగం కేటలాగుల్లో చెప్పులు, గిన్నెలు, గాజులు అన్నీ గాలిలో తేలుతుంటాయి. అది చూసి ఎవరికీ ఏమీ అనిపించకపోవడం నాకు ఇప్పటికీ వింతే.

ఒప్పుకుని మళ్లీ ఫొటోలు తీశాను. ఈసారి చార్టును గోడ మీద నుంచి బల్ల మీదికి మడత పడకుండా వంపుగా దింపాను. ఎడమ వైపు ఒకే లైటు, దాని ముందు ట్రేసింగ్ పేపరు. కుడి వైపు థర్మోకోల్ అట్ట. ఫ్రేములో కనిపించనంత దూరంలో దండకు రెండు వైపులా నాలుగు వేళ్ల వెడల్పు నల్ల చార్టు పట్టీలు నిలబెట్టాను. ఆ పట్టీలు ముత్యం అంచులో సన్నని బూడిద గీతలుగా కనిపిస్తాయి, గుండ్రదనం తిరిగి వస్తుంది. కెమెరా స్టాండు మీద, అన్నీ మాన్యువల్‌లో, f/11. దండ పెట్టకముందు ఖాళీ కాగితాన్ని ఒక ఫొటో తీశాను. నేను చెప్పబోయే పద్ధతికి ప్రాణం ఆ ఖాళీ ఫొటోయే. నల్ల పట్టీలు కూడా వాటి స్థానంలో ఉండగానే దాన్ని తీయాలి. తర్వాత దండలు మారుతాయి తప్ప ఇంకేదీ కదలకూడదు. పన్నెండో దండ దగ్గర దుకాణం కుర్రాడు టీ తెచ్చి బల్లకు తగిలాడు. చార్టు జరిగింది, ఖాళీ ఫొటో మళ్లీ తీసి అక్కడి నుంచి కొనసాగించాను.

ఇక కంప్యూటర్ పని. దండ ఫొటో కింద, ఖాళీ కాగితం ఫొటో దాని పైన, రెండు లేయర్లు. ఖాళీ ఫొటోకు 20 పిక్సెళ్ల Gaussian Blur ఇవ్వండి, లేకపోతే చార్టు మీది నూగు దండ మీద అచ్చవుతుంది. తర్వాత ఆ పై లేయర్ బ్లెండ్ మోడ్‌ను Divide చేయండి. కింది ఫొటోలోని ప్రతి పిక్సెల్‌నూ అదే చోట ఖాళీ కాగితం ఎంత వెలుతురుగా ఉందో దానితో భాగిస్తుంది. కాగితాన్ని కాగితంతో భాగిస్తే ఒకటి, అంటే పూర్తి తెలుపు.

దీని విలువ అంకెల్లో చూస్తే అర్థమవుతుంది. ఫొటోలో 0 అంటే నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. నా ఫొటోలో లైటు వైపు కాగితం 236 ఉంది, అవతలి వైపు 205. అందరూ చేసినట్టు Levels తీసుకుని తెలుపు గుర్తును 205 దాకా లాగితే రెండు వైపులా కాగితం తెల్లబడుతుంది, కానీ లైటు వైపు 205 విలువతో ఉన్న పలచని నీడ కూడా దాంతో పాటే 255 అయిపోయి మాయమవుతుంది. మీ నీడ పోతున్నది ఇక్కడే అని నా గట్టి నమ్మకం. Divide చేస్తే అదే నీడ 205ను 236తో భాగించి 255తో హెచ్చించినంత, అంటే 222 దగ్గర నిలుస్తుంది. అవతలి వైపు 160 ఉన్న ముదురు నీడ 199 అవుతుంది. నీడ కాగితం కంటే ఎంత ముదురుగా ఉండాలో అంతే మిగులుతుంది, వెలుతురు హెచ్చుతగ్గులు మాత్రం పోతాయి. కుచ్చు దారాలకూ ఇదే మేలు చేస్తుంది. సగం దారం, సగం కాగితం ఉన్న పిక్సెల్ సగం దారం, సగం తెలుపుగా మారుతుంది. తెల్ల పేజీ మీద మనకు కావాల్సింది సరిగ్గా అదే. ఒక్క దారాన్నీ ఎంచుకోలేదు, ఒక్కటీ తెగలేదు.

అయితే Divide ముత్యాలను కూడా తెల్లబరుస్తుంది, మెరుపు దగ్గర వివరం కాలిపోతుంది. అందుకే ముత్యాలకు మాత్రం పాత్. అసలు ఫొటోను ఇంకో లేయర్‌గా అన్నిటికంటే పైన పెట్టి, ముత్యాల చుట్టూ పెన్ టూల్‌తో గీసి, గీత లోపలి భాగం మాత్రమే కనిపించేలా మాస్క్ చేయండి. గుండ్రని ముత్యానికి నాలుగు బిందువులు చాలు, పది పెడితే బంగాళాదుంప అవుతుంది. గీత అంచు మీద కాకుండా ఒక పిక్సెల్ లోపలికి ఉండాలి, అంచు మెత్తబడేలా మాస్క్‌కు అర పిక్సెల్ ఫెదర్ ఇవ్వాలి. ఆనిన చోట ఉండే నల్ల గీత కింది లేయర్‌లో ఎలాగూ ఉంది కాబట్టి ముత్యం దాని మీద సహజంగా కూర్చుంటుంది. ముత్యాలు మరీ మసకగా అనిపిస్తే Curvesతో కాస్త ఎత్తండి. కుచ్చు పక్కన కాగితం మీద పడిన ఎర్రటి ఛాయను కొందరు బూడిదగా మార్చేస్తారు. నేను మార్చను, అది అక్కడ నిజంగా పడిన వెలుగు.

ఇక్కడితో అయిపోయిందనుకుని నేను ఇంకోసారి దెబ్బతిన్నాను. కంప్యూటర్‌లో తెల్లగా కనిపించిన పేజీని ప్రూఫ్ తీస్తే ప్రతి దండ చుట్టూ పలచని పెట్టె గీసినట్టు ఉంది. Divide తర్వాత కూడా కెమెరా నాయిస్ వల్ల కాగితం అక్కడక్కడ 252, 253 దగ్గర ఉండిపోతుంది. కంటికి అది తెలుపే, పక్కనున్న అసలు తెలుపుతో పోలిస్తే కాదు. Levelsలో తెలుపు గుర్తును 250కి తెచ్చి, అన్నిటికంటే పైన ఒక Threshold లేయర్ వేసి 255 పెట్టండి. పూర్తి తెలుపు తప్ప మిగిలిందంతా నల్లగా కనిపిస్తుంది. దండా నీడా కలిసి ఒక నల్ల మచ్చగా, చుట్టూ శుభ్రంగా ఉండాలి. ఫ్రేము అంచుల్లో చుక్కలు కనిపిస్తే వాటి మీద తెల్ల బ్రష్ తిప్పండి. తర్వాత Threshold లేయర్‌ను తీసేయడం మరచిపోకండి. నేను ఒకసారి మరచిపోయాను, ఆ వివరాలు ఇక్కడ అనవసరం.

ఈ పనులు ఉచితంగా దొరికే GIMPలో కూడా చేయవచ్చు, ఫొటోషాప్ కొనలేదన్న సాకు చెల్లదు. అయితే ఫోనులో మెసేజీగా పంపించుకున్న ఫొటోలతో మాత్రం ఏ పద్ధతీ పనిచేయదు. అవి మళ్లీ మళ్లీ కుదించిన జేపెగ్‌లు. 8×8 పిక్సెళ్ల గళ్లుగా నలిగిపోయి, కుచ్చు చుట్టూ దోమలు మూగినట్టు చుక్కలు ఉంటాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అలాంటి ఫొటో పంపించి, ‘కొంచెం నీట్‌గా చేయండి’ అంటారు. కెమెరాలోని అసలు ఫైలు అడిగితే చెరిపేశామంటారు.

మీ పేజీ తెలుపు కాకుండా లేత గోధుమ రంగైతే కింది లేయర్లను ఒక చిత్రంగా కలిపి Multiplyలో పెట్టండి. నీడలోంచి పేజీ రంగు కనిపిస్తుంది, ముత్యాల లేయర్ మామూలుగానే పైన ఉంటుంది. ముదురు రంగు పేజీ మీద మాత్రం ఈ కిటుకు పారదు, Multiply చేసిన కుచ్చు నల్లబడిపోతుంది. అప్పుడు మాస్క్ తప్పదు, అదీ వాండ్‌తో కాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్లు విడివిడిగా చూడండి. మెరూన్ దారం ఎరుపు ఛానల్‌లో లేతగా, ఆకుపచ్చ ఛానల్‌లో ముదురుగా ఉంటుంది. ఆకుపచ్చ ఛానల్‌కు నకలు తీసి, Levelsతో కాగితాన్ని తెల్లగా, దారాన్ని నల్లగా చేసి, తిరగేసి మాస్క్‌గా వాడండి. దారాల అంచుల్లో మిగిలే తెల్లని పొరను ఫొటోషాప్‌లోని Decontaminate Colors చాలావరకు తగ్గిస్తుంది, పూర్తిగా తీయదు. పేజీ ముదురు రంగని ముందే తెలిస్తే ఆ దండలను బూడిద రంగు చార్టు మీద విడిగా తీసుకోవడం మేలు. మా పెద్దాయన చివరి పేజీ మెరూన్‌లోనే కావాలన్నారు. ఆ ఒక్క పేజీకి మిగతా కేటలాగ్ మొత్తానికి పట్టినంత సమయం పట్టింది.