గరిష్ఠ మొత్తాన్ని ఊహించి వెతకడం

ప్రశ్న: అర్రేని వరుస చెదరకుండా k గుంపులు చేయాలి, అతి పెద్ద గుంపు మొత్తం వీలైనంత తగ్గాలి. ఇందులో బైనరీ సెర్చ్ ఎక్కడిది?

వెతికేది అర్రేలో కాదు, జవాబులో. ఒక పరిమితి L అనుకోండి. ఎడమ నుంచి కూడుతూ, L దాటబోయే చోట కొత్త గుంపు మొదలుపెట్టండి. ఆ L కి కావలసిన కనీస గుంపుల సంఖ్య ఇదే. L పెరిగితే ఈ సంఖ్య ఎప్పుడూ పెరగదు. బైనరీ సెర్చ్‌కు ఆధారం ఇదొక్కటే.

`[4, 9, 3, 6, 8, 5]`, k = 3 చూడండి. `lo` అతి పెద్ద మూలకం 9, `hi` మొత్తం 35. L = 22 కి రెండు గుంపులే చాలు, కాబట్టి `hi = 22`. రెండే వచ్చాయని కంగారు వద్దు. సంఖ్యలు రుణాత్మకం కానప్పుడు ఒక గుంపును చీల్చితే గరిష్ఠం పెరగదు. 15 కి మూడు సరిపోతాయి. 12 కి ఐదు కావాలి, కాబట్టి `lo = 13`. తర్వాత 14, 13 రెండూ నెగ్గుతాయి. జవాబు 13: `4+9 | 3+6 | 8+5`.

చాలామంది `lo` ని సున్నాతో మొదలుపెట్టి తప్పు చేస్తారు. అప్పుడు L = 8 దగ్గర 9 ఏ గుంపులోనూ పట్టదు, అయినా లెక్కింపు దాన్ని గుంపుగా చూపిస్తుంది. k పెద్దదైతే జవాబు 9 కంటే తక్కువ వస్తుంది. రుణ సంఖ్యలుంటే ఈ పద్ధతి చెల్లదు. డైనమిక్ ప్రోగ్రామింగ్ వాడాలి.