ఇంటిమీద నెలనెలా డబ్బు: తర్వాత పిల్లలకేం మిగులుతుంది?

వకీలు గారికి నమస్కారం. మాది నల్గొండ. నాకు 68, మా ఆమెకు 63 ఏళ్లు. ప్రైవేటు బడిలో పనిచేసి మానేశాను, కాబట్టి పింఛను లేదు. ముందున్న ముల్గీ కిరాయి, ఆసరా డబ్బులతోనే ఇల్లు గడుస్తోంది. 1996లో నా కష్టార్జితంతో రిజిస్ట్రీ చేయించుకున్న జాగాలో ఇల్లు కట్టాను. ఇప్పుడు నలభై లక్షలు పలుకుతుంది. రివర్స్ మార్ట్‌గేజ్ తీసుకుంటే బ్యాంకు నెలనెలా డబ్బు ఇస్తుందని తెలిసింది. మాతోనే ఉండే చిన్న కొడుకు ‘ఇల్లు బ్యాంకోళ్ల పాలవుతుంది’ అంటున్నాడు. పెద్ద కొడుకు, బిడ్డ హైదరాబాద్‌లో ఉంటారు. వాళ్ల సంతకాలు కావాలా? మా తర్వాత ఇల్లు ఏమవుతుంది?

జవాబు: ఇల్లు మీ సొంతార్జితం, రిజిస్ట్రీ మీ పేరున ఉంది. కాబట్టి తనఖా పెట్టడానికి చట్టప్రకారం పిల్లల సంతకాలు అక్కర్లేదు. మీరు బతికుండగా ఆ ఇంట్లో వాళ్లకు వాటా లేదు. పెద్దల నుంచి వచ్చిన ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే లెక్క వేరుగా ఉండేది, అందులో మీ బిడ్డకు కూడా హక్కుండేది. రిజిస్ట్రీ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాతో కొన్న ఇళ్లనూ, ఇంటి పన్ను రసీదు తప్ప మరో కాగితం లేని గ్రామకంఠం ఇళ్లనూ బ్యాంకులు సాధారణంగా ముట్టవు. ఆ చిక్కు మీకు లేదు. బ్యాంకు మాత్రం ఇంటిమీద పాత తనఖాలు, అమ్మకాలు ఉన్నాయేమో చూపే ఈసీ తీసి, మునిసిపల్ పర్మిషన్, పాత యజమానుల లింకు దస్తావేజులు అన్నీ చూస్తుంది.

మీ చిన్నబ్బాయి భయం సగమే నిజం. ఈ అప్పులో ఇల్లు బ్యాంకు పేరున మారదు. యజమాని మీరే, చివరిదాకా ఉండేదీ మీరే. మామూలు హోమ్ లోన్‌లో మీరు నెలనెలా కడతారు, బాకీ తగ్గుతుంది. ఇక్కడ బ్యాంకు మీకిస్తుంది, బాకీ పెరుగుతుంది. అసలు విషయం ఆ పెరుగుదలలో ఉంది, అందుకే ఒక లెక్క వేసి చూపిస్తాను.

గడువు ముగిసేసరికి వడ్డీతో కలిపి బాకీ 24 లక్షలు దాటకూడదని, అంటే ఇంటి విలువలో 60 శాతమని, బ్యాంకు అనుకుందనుకోండి. వడ్డీ 10.5 శాతం, గడువు 15 ఏళ్లు. అప్పుడు మీకు నెలకు దాదాపు 5,530 రూపాయలు వస్తాయి. ఇంతేనా అనిపిస్తుంది, నిజంగా ఇంతే. పదిహేనేళ్లలో మీ చేతికొచ్చేది పది లక్షల లోపే, మీ ఇంటి మీద పడే బాకీ మాత్రం 24 లక్షలు. మిగతా 14 లక్షలు వడ్డీ. బ్యాంకును బట్టి వడ్డీ, శాతం మారతాయి. వడ్డీ రేటు మారేది అయితే ఈ అంకెలూ మారతాయి. లెక్క తీరు మాత్రం ఇదే.

గడువు ముగిసేసరికి మీకు 83, మీ ఆమెకు 78 ఉంటాయి. అప్పుడు నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోతుంది. అంతమాత్రాన ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు, ఇద్దరిలో ఎవరున్నా అందులోనే ఉండవచ్చు. వడ్డీ మాత్రం ఆగదు. 24 లక్షల మీద నెలకు 21 వేలు చొప్పున మొదలై, ఇంకో ఐదేళ్లకు బాకీ నలభై లక్షలు దాటుతుంది. మందుల ఖర్చు పెరిగే వయసులోనే రాబడి ఆగిపోవడం ఈ పథకంలో నాకు నచ్చని విషయం. ఇప్పుడే మొదలుపెట్టకుండా ఏడెనిమిదేళ్లు ఆగి తీసుకుంటే ఈ దెబ్బ తప్పుతుంది.

ఇక వారసుల సంగతి. మీ ఇద్దరిలో చివరివారు కన్నుమూసినప్పుడు బాకీ మొత్తం వసూలుకు వస్తుంది. అందుకే మీ ఆమెను సహరుణగ్రహీతగా తప్పక చేర్పించండి. ఆమె పేరు లేకుండా మీరొక్కరే తీసుకుంటే, మీరు పోగానే అప్పు కట్టమని ఆమెనే అడుగుతారు. ఈ ఒక్క పొరపాటుతో భార్యలు వీధిన పడే పరిస్థితి వస్తుంది. దంపతులుగా తీసుకోవడానికి ఒకరికి 60 నిండాలి, రెండోవారి కనీస వయసును బ్యాంకు నిర్ణయిస్తుంది. 63 ఏళ్లకు ఇబ్బందేమీ ఉండదు.

పిల్లలకు మొదటి అవకాశం ఉంటుంది. బాకీ కట్టేసి ఇల్లు విడిపించుకోవచ్చు. లేదంటే ఇల్లు అమ్మి, బాకీ పోను మిగిలింది పంచుకోవచ్చు. ఉదాహరణకు ఆరేళ్లకే మీరిద్దరూ లేకపోతే బాకీ అయిదున్నర లక్షలే. ఆ మాత్రం ముగ్గురూ కలిసి కట్టగలరు. ఇరవై ఏళ్లకు అయితే నలభై లక్షలు. అప్పటికి ఇల్లు డెబ్బై లక్షలు పలికితే ముప్పై మిగులుతాయి. ధర పెరగకపోతే ఏమీ మిగలదు. అయితే ఈ పథకానికి నియమాలు రాసిన నేషనల్ హౌసింగ్ బ్యాంక్ మార్గదర్శకాల ప్రకారం బాకీ ఇంటి విలువను మించినా ఆ మించినది పిల్లల జేబు నుంచి వసూలు చేయకూడదు. ఈ మాట ఒప్పందంలో రాసి ఉందో లేదో చూసి గానీ సంతకం పెట్టకండి. ఇల్లు విడిపించుకోవడానికి ఇచ్చే గడువు చిన్నదే, ఆ మార్గదర్శకాల్లో ఉన్నది సుమారు రెండు నెలలు. ఆ ఇంట్లోనే ఉండే మీ చిన్నబ్బాయికి అదే అసలు టెన్షన్.

అతను ఇంకో పొరపాటు చేసే ప్రమాదం ఉంది. ‘నేనే బ్యాంకుకు కట్టాను కాబట్టి ఇల్లు నాదే’ అనుకోవచ్చు. కాదు. వీలునామా లేకపోతే మీ ఇద్దరి తర్వాత ముగ్గురు పిల్లలకూ సమాన వాటా ఉంటుంది. ఒకరు బాకీ మొత్తం తీర్చినా అన్న, అక్కల వాటా డబ్బు వాళ్ల నుంచి రాబట్టుకునే హక్కు మాత్రమే వస్తుంది, ఇల్లు ఒక్కడిదీ కాదు. అతనికే ఇవ్వాలనుకుంటే ‘బాకీ తీరిస్తే ఇల్లు చిన్న కొడుకుకే’ అని వీలునామాలో స్పష్టంగా రాసి రిజిస్టర్ చేయండి. వీలునామా ఉన్నా తనఖా మాత్రం ఇంటితోపాటే వస్తుంది.

మీ విషయంలో రెండు చిక్కులు ముందుగానే కనిపిస్తున్నాయి. ఒకటి ముల్గీ. ఇది మీరు నివసించే ఇంటి మీద ఇచ్చే అప్పు, కొంత భాగం కిరాయికివ్వడం షరతుల ఉల్లంఘన కావచ్చు. దరఖాస్తులోనే ఆ సంగతి చెప్పి బ్యాంకు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. దాచిపెడితే రేపు అప్పు మొత్తం ఒకేసారి కట్టమంటారు. రెండోది, పెద్దబ్బాయి దగ్గరికెళ్లి హైదరాబాద్‌లో స్థిరపడటం. ఏడాదిపాటు ఇంట్లో ఉండకపోతే మీరు శాశ్వతంగా వదిలేశారని లెక్కేసి బాకీ అడగవచ్చు. ఇంటి పన్ను, బీమా, రిపేర్లు మీరే చూసుకోవాలి. పన్ను బకాయి పడినా ఇదే ముప్పు. ఈ డబ్బుతో చిన్నబ్బాయి చేత కిరాణం పెట్టించాలన్న ఆలోచన ఉంటే వదిలేయండి, వ్యాపారానికి ఈ అప్పు వాడకూడదు. మీకు నెలనెలా వచ్చేది మాత్రం అప్పే కాబట్టి ఆదాయపు పన్ను ఉండదు.

నేనైతే సంతకానికి ముందు ఒక పని చేస్తాను. నెలకు 5,530 అంటే ముగ్గురు పిల్లలకూ మనిషికి 1,850 కూడా పడదు. ఈ కాగితం ముందుపెట్టి, ‘మీరు తలా ఇంత పంపితే 14 లక్షల వడ్డీ మిగులుతుంది, ఇల్లు అట్లే మీకుంటుంది, లేదా బ్యాంకుకు పోతాను’ అని అడగండి. ఒప్పుకుంటే నోటిమాటతో వదలకుండా కాగితం మీద రాయించుకోండి. ఒప్పుకోకపోతే, తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం, 2007 కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. అది చేయడం ఇష్టం లేకపోతే అప్పుడు బ్యాంకు. ఈ పథకం గురించి మీ శాఖ మేనేజరుకే సరిగా తెలియకపోవచ్చు, కాబట్టి ఒప్పందం ముసాయిదా ముందే ఇమ్మని, తెలుగులో చదివించుకోండి. సంతకం పెట్టాక కూడా మూడు పనిదినాల్లోపు మనసు మార్చుకునే హక్కు మార్గదర్శకాల్లో ఉంది. ఆలోగా రద్దు చేయమని రాసివ్వండి. అప్పటికే డబ్బు పడి ఉంటే అసలు వెనక్కివ్వాల్సి ఉంటుంది కాబట్టి, ఆ మూడు రోజులూ దాన్ని ఖర్చుపెట్టకుండా ఖాతాలోనే ఉంచండి.