కిలో లెక్కన కేకు అమ్మితే చేతికి ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మేడమ్, మాది తిరుపతి బైరాగిపట్టెడ. బీకాం ఫైనల్ ఇయర్ చదువుతూ ఇంట్లో ఎగ్‌లెస్ కేకులు చేసి అమ్ముతున్నా. ఏ కేకైనా కిలో 700. పోయిన నెల శ్రీకాళహస్తికి రెండు కిలోల టూ టైర్ ఫాండెంట్ కేకు 1,600కి ఇచ్చా, డిజైన్‌కు వంద, డెలివరీకి వంద కలిపే. తొమ్మిది గంటలు పట్టింది. తమ్ముడు బండి మీద తీసుకెళ్తే పైటైర్ పక్కకు జరిగింది కూడా. ధర ఎలా పెట్టాలి? డిగ్రీ అయ్యాక దీన్నే నమ్ముకోవచ్చా?

జవాబు: ముందు ఆ ఒక్క కేకు లెక్కే చూద్దామ్మా. కిలోకి సరుకులు 280 చొప్పున 560, ఫాండెంట్ ముప్పావు కిలోకి ఒక 260, బోర్డు, బాక్సు, లోపల పెట్టే పుల్లలు 120, గ్యాసు, కరెంటుకు 60, అంటే వెయ్యి రూపాయలు. నీ దగ్గర రేట్లు కాస్త అటూ ఇటూ ఉంటే నీవే వేసుకో. శ్రీకాళహస్తి పోయి రావడం దాదాపు 80 కిలోమీటర్లు, లీటరుకు 45 ఇచ్చే బండైనా పెట్రోలుకే రెండొందలు పోతాయి. మిగిలింది 400. తొమ్మిది గంటలకు 400 అంటే గంటకు 45 కూడా పడలేదు, ఇంకా తమ్ముడి పూట లెక్కలో వేయనేలేదు.

తప్పెక్కడ జరిగిందంటే, కిలో రేటు కేకుకు సరిపోతుంది గానీ నీ చేతిపనికి సరిపోదు. పేరు రాసి నాలుగు పూలు తిప్పిన క్రీమ్ కేకుకు గంట పని. డ్రిప్ పోసి చుట్టూ రోజెట్లు వేస్తే రెండు గంటలు. చేత్తో బొమ్మలు చేసే ఫాండెంట్ అయితే, బొమ్మలు ఒకట్రెండు రోజుల ముందే చేసి ఆరబెట్టాలి కాబట్టి, ఐదు గంటలకు తక్కువ కాదు. అందుకే సరుకుల ఖర్చు వేరుగా, గంటల కూలీ వేరుగా వేసి రెండూ కలుపు. గంటకు వంద పెట్టుకున్నా ఆ కేకుకు వెయ్యి ప్లస్ తొమ్మిది వందలు, పాడైపోయే క్రీమూ అరిగే సామానూ ఉంటాయి గనక పైన మూడొందలు, మొత్తం 2,200, డెలివరీ కాకుండా. ఒక మాట మాత్రం నిజాయితీగా చెప్పాలి: మొదటిసారి బొమ్మ చేస్తూ రెండుసార్లు పాడుచేసుకున్న గంటలు కస్టమర్ మీద వేయకు, అది నీ చదువు ఖర్చు. మూడో బొమ్మకు ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో టైమర్ పెట్టి చూసుకో, ఆ టైమునే లెక్కకు తీసుకో.

సైజు దగ్గర చాలామంది పడే గుంట ఇంకొకటుంది. ఎత్తు ఒకటే అయితే ఆరు అంగుళాల టిన్ను నుంచి ఎనిమిదికి వెళ్తే పిండి రెండు అంగుళాల మేర పెరగదు, దాదాపు ఒకటిముప్పావు రెట్లు అవుతుంది, పైపూత క్రీమూ పెరుగుతుంది. అదే అర కిలోకి వస్తే తిరగబడుతుంది, ఓవెన్ వేడెక్కడం, బాక్సు, బోర్డు, గిన్నెలు కడగడం కిలో కేకుకు ఎంతో దీనికీ దాదాపు అంతే, కాబట్టి 350కి ఇస్తే నష్టం, 450 అడుగు. ఇక ఇన్‌స్టాలో మూడంతస్తుల కేకు ఫొటో పంపి "రెండు కిలోల్లో ఇదే కావాలి" అంటారు, ఫొటోలో కింది అంతస్తు తినే కేకు కాదు థర్మాకోల్ అయి ఉండొచ్చు. డమ్మీ పెట్టనా లేక మూడు కిలోలు చేయనా అని ఆర్డర్ రోజే అడిగేయ్, ఫాండెంట్ బరువు కిలోల్లో కలుస్తుందా లేదా అన్నది కూడా.

డెలివరీ ఊళ్లోనే అయితే బండి చాలు, రేణిగుంట వరకు కూడా సింగిల్ టైర్ తీసుకెళ్లొచ్చు. రానూపోనూ కిలోమీటర్లు లెక్కేసి కిలోమీటరుకు ఐదు రూపాయలు తీసుకో, పెట్రోలూ బండి అరుగుదలా అందులో వస్తాయి, తమ్ముడికి వేరే ఇవ్వు. టూ టైర్‌ని నలభై కిలోమీటర్లు బండి మీద పంపడం మాత్రం వద్దేవద్దు. మే ఎండలో విప్పింగ్ క్రీమ్ నిలవదు, ఫ్రిజ్‌లోంచి తీసిన ఫాండెంట్ చెమట పట్టి జిగటగా అవుతుంది. కస్టమర్ కారు ఏసీ వేసుకుని వచ్చి తీసుకెళ్లాలి, లేదా క్యాబ్ బాడుగ వాళ్లదే. టైర్లు విడివిడిగా పంపి అక్కడే పేర్చగలిగితే మేలు. బ్రహ్మోత్సవాల రోజుల్లో, ముఖ్యంగా గరుడసేవ నాడు, అలిపిరి వైపు టైముకు చేరుస్తానని మాటివ్వకు.

నమ్ముకోవచ్చా అన్నదానికి, రెండు నెలలు ప్రతి కేకుకూ గంటలు, సరుకుల ఖర్చు, చేతికి మిగిలింది ఒక నోట్‌బుక్‌లో రాయమ్మా. మిగిలినదాన్ని గంటలతో భాగించు, ఫోన్‌లో బేరాలాడిన గంటలు కూడా కలిపి. ఆ అంకె మీ ఊళ్లో బీకాం వాళ్లకిచ్చే అకౌంట్స్ ఉద్యోగం గంట జీతానికి దగ్గరలో లేకపోతే, డిగ్రీ అయ్యాక ఉద్యోగంలో చేరి శని, ఆదివారాల ఆర్డర్లు మాత్రం తీసుకో.